షోకాజ్ నోటీసుకు సంజాయిషీ: జరిగింది ఒప్పుకోవడం వేరు, తప్పు ఒప్పుకోవడం వేరు

సంక్షిప్తంగా: షోకాజ్ నోటీసు శిక్ష కాదు. చర్య తీసుకోవాలా వద్దా అని తేల్చుకునే ముందు యాజమాన్యం అడిగే వివరణ మాత్రమే. కానీ దానికి ఉద్యోగి రాసిచ్చే జవాబు ఫైల్లో శాశ్వతంగా ఉండిపోతుంది, తర్వాత జరిగే ఎంక్వైరీలో ఆ ఉద్యోగి మీదే సాక్ష్యంగా పనికొస్తుంది. అందుకే సంజాయిషీలో సంఘటనను దాచకుండా చెప్పాలి, దానికి నోటీసు తగిలించిన ఉద్దేశాన్ని మాత్రం ఆధారాలతో వేరు చేయాలి. ఆ వేరు చేయడం ఎలా జరుగుతుందో, ఎక్కడ బెడిసికొడుతుందో ఒక ఉదాహరణతో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

## నోటీసు ఏ దశలో వచ్చింది?

నోటీసు అందగానే చాలామంది నేరుగా జవాబు రాయడానికి కూర్చుంటారు. ముందు చూడాల్సింది అది ఏ రకం నోటీసు అన్నది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగులకు 1991 నాటి సివిల్ సర్వీసుల వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు నియమాలు వర్తిస్తాయి. వాడుకలో వీటిని సీసీఏ రూల్స్ అంటారు. వీటి ప్రకారం ఉద్యోగి చేతికి వచ్చే కాగితం మూడు రకాలుగా ఉండవచ్చు.

మొదటిది ప్రాథమిక వివరణ కోరే మెమో. ఏం జరిగిందో తెలుసుకోవడానికి పై అధికారి ఇచ్చేది. ఇక్కడ ఇంకా ఏ శిక్షా ప్రతిపాదనలో లేదు. రెండోది 22వ నియమం కింద వచ్చేది. చిన్న శిక్ష వేయాలనుకుంటున్నామని, ఆరోపణలు ఇవని చెప్పి వివరణ అడుగుతారు. దీనికి పూర్తిస్థాయి ఎంక్వైరీ తప్పనిసరి కాదు కాబట్టి ఉద్యోగి రాసిన జవాబే చాలాసార్లు అతని మొత్తం వాదన అవుతుంది. మూడోది 20వ నియమం కింద పెద్ద శిక్షల కోసం జరిగే ఎంక్వైరీ పూర్తయ్యాక వచ్చే నోటీసు. దీనికి ఎంక్వైరీ రిపోర్టు జతచేయాలి. హైదరాబాద్‌లోని ప్రభుత్వ రంగ సంస్థ ఈసీఐఎల్ ఉద్యోగికి సంబంధించిన కేసులో 1993లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ విషయం తేల్చింది. రిపోర్టు కాపీ ఇచ్చి, దానిపై ఉద్యోగి మాట విన్న తర్వాతే అధికారి నిర్ణయానికి రావాలని చెప్పింది.

మొదటి రకానికి జవాబు క్లుప్తంగా ఉన్నా సరిపోతుంది. రెండో రకానికి అలా రాస్తే నష్టం. మూడో రకానికి సంఘటనను మళ్లీ మొదటినుంచి చెప్పడం కంటే ఎంక్వైరీ అధికారి ఏ సాక్ష్యాన్ని వదిలేశారో చూపించడం ముఖ్యం. ఈ వ్యాసం మొదటి రెండు దశల జవాబు గురించే. ఎందుకంటే కేసు దిశ ఎక్కువగా అక్కడే మారుతుంది.

## ఒప్పుకోలు ఎంతదూరం వెళ్తుంది?

క్రిమినల్ కేసులో నేరం సందేహానికి తావులేకుండా రుజువు కావాలి. శాఖాపరమైన ఎంక్వైరీలో అంత అక్కర్లేదు, ఆరోపణ నిజమయ్యే అవకాశమే ఎక్కువగా ఉందని తేలితే చాలు. ఇలాంటి చోట ఉద్యోగి స్వయంగా రాసిన ఒక్క వాక్యానికి చాలా బరువు ఉంటుంది. అతను ఒప్పుకున్న దాన్ని యాజమాన్యం వేరే సాక్షులతో నిరూపించాల్సిన పని ఉండదు.

అయితే ఏది ఒప్పుకోలు? 1961లో మధ్యభారత్ ప్రభుత్వ ఉద్యోగి ఒకరి కేసులో సుప్రీంకోర్టు ఈ ప్రశ్నను చూసింది. ఉద్యోగి ఇచ్చిన వాంగ్మూలం స్పష్టంగా తప్పు ఒప్పుకున్నట్టు లేనప్పుడు, దాన్ని ఒప్పుకోలుగా లెక్కేసి ఎంక్వైరీ మానేయడం చెల్లదని చెప్పింది. ఈ తీర్పు ఉద్యోగికి ధైర్యం ఇస్తుంది. కానీ తర్వాత మైసూరు రాష్ట్ర కానిస్టేబుల్ కేసులో ఇంకో కోణం బయటపడింది. ఆ కానిస్టేబుల్ తాను దోషి కాదంటూనే, ఆరోపణకు ఆధారమైన వాస్తవాలన్నీ ఒప్పుకున్నాడు. ఆ వాస్తవాలే ఆరోపణ అయినప్పుడు అది తప్పు ఒప్పుకోవడంతో సమానమేనని కోర్టు అంది.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. "నేను దోషిని కాను" అని చివర్లో ఒక వాక్యం చేర్చినంత మాత్రాన రక్షణ దొరకదు. ఆరోపణలో సంఘటన కాకుండా ఇంకేముందో ఉద్యోగి చూడగలగాలి. చాలా నోటీసుల్లో అలాంటిది ఒకటి ఉంటుంది. అది ఉద్దేశం.

గైర్హాజరు కేసుల్లో ఇది బాగా కనిపిస్తుంది. 2012లో సుప్రీంకోర్టు ఒక కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి కేసులో, అనుమతి లేకుండా పనికి రాకపోవడం ప్రతిసారీ దుష్ప్రవర్తన కాదని చెప్పింది. జబ్బు, ప్రమాదం, ఆసుపత్రిలో చేరడం వంటి తప్పించుకోలేని కారణాలు ఉండవచ్చు కనుక, అది కావాలని చేసిన గైర్హాజరని యాజమాన్యం నిరూపించాలంది. ఈ తీర్పును సర్వరోగ నివారిణిగా వాడకూడదు. అదే కోర్టు 2014లో చెన్నై నీటి సరఫరా బోర్డు ఉద్యోగి కేసులో దీని పరిధిని గుర్తు చేసింది. దీర్ఘకాలం రాకుండా, అడిగినా బదులివ్వకుండా ఉన్నప్పుడు ఉద్దేశాన్ని పరిస్థితుల నుంచే గ్రహించవచ్చని దాని సారాంశం. అంటే కారణం ఉండటం ఒక్కటే సరిపోదు, ఆ రోజుల్లో ఉద్యోగి ఎలా నడుచుకున్నాడన్నది కూడా లెక్కకొస్తుంది.

## ఒక నోటీసును విడదీసి చదివితే

ఊహించిన ఉదాహరణ ఒకటి తీసుకుందాం. మండల తహసీల్దార్ కార్యాలయంలో పనిచేసే జూనియర్ అసిస్టెంట్‌కు ఇలా నోటీసు వచ్చింది:

> మీరు 3.3.2025 నుండి 7.3.2025 వరకు ముందస్తు అనుమతి లేకుండా ఉద్దేశపూర్వకంగా విధులకు గైర్హాజరైనారు. మీ వద్ద 42 అర్జీలు పెండింగులో ఉండి ప్రజలకు తీవ్ర అసౌకర్యం కలిగినది. ఇది విధుల పట్ల నిర్లక్ష్యం, ప్రవర్తనా నియమావళి ఉల్లంఘన. మీపై క్రమశిక్షణ చర్య ఎందుకు తీసుకోరాదో ఈ నోటీసు అందిన 7 రోజుల లోపు తెలుపగలరు.

అసలు జరిగింది ఇది. 3వ తేదీ తెల్లవారుజామున ఆ ఉద్యోగి తండ్రికి గుండెనొప్పి వచ్చింది. జిల్లా కేంద్రంలోని ప్రభుత్వాసుపత్రిలో చేర్చారు. ఉదయం 9.50కి డిప్యూటీ తహసీల్దార్‌కు వాట్సాప్ మెసేజ్ పెట్టాడు, 10.15కి ఫోన్‌లో మాట్లాడాడు. 7వ తేదీ సాయంత్రం డిశ్చార్జ్ అయింది. 8 రెండో శనివారం, 9 ఆదివారం. 10న డ్యూటీలో చేరి సెలవు దరఖాస్తు, డిశ్చార్జ్ సమ్మరీ ఇచ్చాడు. ఇదంతా అతనికి అనుకూలమే. అననుకూలమైనది కూడా ఒకటుంది. బీరువా తాళంచెవి అతని దగ్గరే ఉండిపోయింది. 5వ తేదీన తమ్ముడి చేత పంపే వరకు అందులోని ఫైళ్లు తీయడం ఎవరికీ కుదరలేదు.

నోటీసులోని మొదటి మూడు వాక్యాల్లో నాలుగు వేర్వేరు విషయాలున్నాయి. ఆఫీసుకు రాకపోవడం, ముందుగా అనుమతి లేకపోవడం సంఘటనలు. హాజరు రిజిస్టరే చెబుతుంది కాబట్టి వీటిని కాదనడం కుదరదు. ఉద్దేశపూర్వకం అన్నది అధికారి అభిప్రాయం, దీన్ని తిరస్కరించాలి. 42 అర్జీలన్నది లెక్క, దీన్ని సరిచూడాలి. నిర్లక్ష్యం, నియమావళి ఉల్లంఘన అన్నవి ముందు మూడూ నిలబడితేనే నిలబడే ముగింపు.

లెక్క సరిచూడటానికి ఎవరి దగ్గర ఏ ఫైలుందో నమోదయ్యే పర్సనల్ రిజిస్టర్ చాలు. 42లో 15 అర్జీలు అతను లేని ఐదు రోజుల్లోనే కొత్తగా వచ్చాయి. 19 అర్జీలు గ్రామ రెవెన్యూ అధికారి క్షేత్ర నివేదిక కోసం ఎదురుచూస్తున్నాయి, అతను ఆఫీసులో ఉన్నా అవి కదిలేవి కావు. మిగిలిన 8 మాత్రమే నిజంగా అతని చేతిలో ఆగినవి. నోటీసులోని పెద్ద సంఖ్యను చూసి భయపడి దాన్ని అలాగే ఒప్పేసుకోవడం తరచూ జరిగే నష్టం. ఆ 8 అర్జీలను కూడా లేవని చెప్పడం అంతకంటే పెద్ద నష్టం.

## సంజాయిషీ ఎలా ఉండొచ్చు

పై వాస్తవాలతో తయారయ్యే జవాబు సుమారు ఇలా ఉంటుంది:

> గౌరవనీయులైన తహసీల్దార్ గారికి,
>
> సూచిక: తమరి షోకాజ్ నోటీసు, తేదీ 12.3.2025. నాకు అందిన తేదీ 13.3.2025.
>
> పై సూచికలోని నోటీసుకు నా వివరణను సవినయంగా సమర్పించుకుంటున్నాను.
>
> 1. 3.3.2025 నుండి 7.3.2025 వరకు నేను విధులకు హాజరు కాలేకపోయిన మాట వాస్తవం. 3వ తేదీ తెల్లవారుజామున మా నాన్నగారికి గుండెనొప్పి రావడంతో ప్రభుత్వాసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. ఆసుపత్రి చేరిక, డిశ్చార్జ్ పత్రాలు జతచేశాను (జత 1).
>
> 2. అత్యవసర పరిస్థితి కావడం వల్ల ముందుగా సెలవు మంజూరు చేయించుకునే వీలు కలగలేదు. అదే రోజు ఉదయం 9.50కి మెసేజ్ ద్వారా, 10.15కి ఫోన్ ద్వారా డిప్యూటీ తహసీల్దార్ గారికి విషయం తెలియజేశాను (జత 2). విధుల్లో చేరిన 10.3.2025న సెలవు దరఖాస్తు సమర్పించాను. కావున నా గైర్హాజరు ఉద్దేశపూర్వకమన్న ఆరోపణను గౌరవపూర్వకంగా నిరాకరిస్తున్నాను.
>
> 3. నోటీసులో పేర్కొన్న 42 అర్జీలలో 15 అర్జీలు 3 నుండి 7వ తేదీ మధ్య కొత్తగా అందినవి. 19 అర్జీలు క్షేత్ర నివేదిక కోసం వేచి ఉన్నవి. మిగిలిన 8 అర్జీలను 10, 11 తేదీలలో పరిష్కారానికి సమర్పించాను (జత 3, రిజిస్టర్ నకలు).
>
> 4. బీరువా తాళంచెవి నా వద్ద ఉండిపోయి 5.3.2025న కార్యాలయానికి చేరింది. తెల్లవారుజామున ఆసుపత్రికి వెళ్లిన పరిస్థితిలో దానిని ముందే అప్పగించలేకపోయాను. ఇందువల్ల కార్యాలయానికి కలిగిన ఇబ్బందికి విచారిస్తున్నాను. 10.3.2025 నుండి రెండో తాళంచెవిని సూపరింటెండెంట్ గారి వద్ద ఉంచుతున్నాను.
>
> 5. పై వివరణను పరిశీలించి తదుపరి చర్యలు విరమించవలసిందిగా కోరుతున్నాను. అవసరమని భావిస్తే స్వయంగా హాజరై వివరించుకునే అవకాశం ఇవ్వగలరని మనవి. ఇందులో ప్రస్తావించని అంశాలను నేను అంగీకరించినట్టు భావించవద్దని మనవి.

ఈ జవాబులో జాగ్రత్తగా చూడాల్సింది నాలుగో పేరా. తాళంచెవి సంగతి నోటీసులో లేదు. అలాంటప్పుడు దాన్ని తానే ఎందుకు చెప్పాలన్న ప్రశ్న సహజం. ఇక్కడ చెప్పడమే మేలు. ఎందుకంటే ఆఫీసులో అందరికీ తెలిసిన విషయమది, ఎంక్వైరీలో మొదటి సాక్షే చెప్పేస్తాడు. అప్పుడు అది దాచిన విషయంగా మారి, మిగతా జవాబు మీద కూడా నమ్మకం పోతుంది. అయితే ఇది ప్రతి కేసుకూ వర్తించే సూత్రం కాదు. రికార్డులో లేనిదీ, ఎవరూ అడగనిదీ, ఆరోపణతో సంబంధం లేనిదీ స్వచ్ఛందంగా రాసివ్వాల్సిన పనిలేదు.

అక్కడ వాడిన మాట "విచారిస్తున్నాను". కలిగిన ఇబ్బందికి విచారం తెలిపితే ఫలితాన్ని గుర్తించినట్టు అవుతుంది. "నా నిర్లక్ష్యానికి క్షమించండి" అని రాస్తే నోటీసు చేసిన ఆరోపణనే ఉద్యోగి తన చేతిరాతతో ఖాయం చేసినట్టు. మర్యాద రెంటిలోనూ సమానంగానే ఉంది, చట్టపరమైన ఫలితంలో మాత్రం చాలా తేడా ఉంది. దిద్దుబాటు చర్యను తేదీతో చెప్పడం కూడా గమనించదగ్గది. ఇకపై జరగదని హామీ ఇవ్వడం కన్నా ఇప్పటికే చేసింది చూపడం అధికారికి ఫైలు మూసేందుకు మంచి కారణం ఇస్తుంది.

## రెండు వైపులా జరిగే పొరపాట్లు

ఆఫీసుల్లో ఎక్కువగా వినిపించే సలహా ఒకటుంది: "క్షమాపణ రాసిచ్చెయ్, ఫైలు మూసేస్తారు." సలహా ఇచ్చేవాళ్ల ఉద్దేశం మంచిదే, చిన్న విషయాల్లో అలా మూసేసిన సందర్భాలూ ఉంటాయి. కానీ ఆ మాట ఇచ్చిన అధికారి బదిలీ అయితే కొత్తగా వచ్చినవారి ముందు ఉండేది ఆ కాగితమే. రెండేళ్ల తర్వాత ఇంకో ఆరోపణ వచ్చినప్పుడు ఇది పాత చరిత్రగా మళ్లీ బయటికొస్తుంది. శిక్ష తీవ్రతను నిర్ణయించడానికి పాత రికార్డును లెక్కలోకి తీసుకుంటే ఆ సంగతి నోటీసులోనే చెప్పాలని సుప్రీంకోర్టు 1963లోనే అంది. చెప్పి వాడుకుంటే మాత్రం అడ్డులేదు.

దీనికి ఎదురు పొరపాటు అన్నిటినీ ఖండించడం. "నోటీసులోని ఆరోపణలన్నీ అవాస్తవం, నిరాధారం" అనే వాక్యంతో మొదలయ్యే జవాబు హాజరు రిజిస్టర్ ముందు నిలబడదు. రికార్డుకు విరుద్ధంగా రాసింది అబద్ధమని తేలితే అదే కొత్త ఆరోపణ కావచ్చు కూడా. పై అధికారి కక్షగట్టారని రాయడం కూడా ఇలాంటిదే. నిజంగా అలా అనిపించినా తేదీ, పత్రం చూపలేనప్పుడు దాన్ని రాయకపోవడం మంచిది. ఆధారం ఉంటే పై స్థాయి అధికారికి వేరే విజ్ఞప్తిగా ఇవ్వడం సబబు. సంజాయిషీలో కలిపేస్తే అసలు వివరణ పక్కకు పోయి ఫిర్యాదే మిగులుతుంది.

నోటీసే ముందుగా తీర్పు చెప్పేసినట్టు ఉంటే? "మీరు దోషి అని నిర్ధారణ అయినది, శిక్ష ఎందుకు విధించరాదో తెలపండి" అనే తరహా నోటీసులు తరచూ వస్తుంటాయి. షోకాజ్ దశలో అధికారి మనసు తెరిచి ఉండాలని, నోటీసులోనే దోషిగా తేల్చేస్తే ఆ తర్వాత వివరణ అడగడం తంతుగా మారుతుందని 2010లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అలాంటప్పుడు ఉద్యోగి ఈ అభ్యంతరాన్ని ఒకే వాక్యంలో, మర్యాదగా, జవాబు మొదట్లోనే నమోదు చేయాలి. తర్వాత ఆరోపణలకు పూర్తి వివరణ కూడా ఇవ్వాలి. అభ్యంతరం చెప్పి వివరణ మానేయడం ప్రమాదకరం.

## గడువు, పత్రాలు, కోర్టు

జవాబు ఇవ్వకపోతే చెప్పుకోవడానికి ఏమీ లేదని భావించి అధికారి ముందుకెళ్లవచ్చు. గడువు చాలనప్పుడు అది ముగియకముందే రాతపూర్వకంగా పొడిగింపు కోరాలి, ఎన్ని రోజులో, ఎందుకో చెప్పాలి. నోటీసులో ఏదైనా రిపోర్టు, ఫిర్యాదు, తనిఖీ నివేదిక ప్రస్తావించి దాన్ని జతచేయకపోతే ఆ కాపీ అడగాలి. ఫిర్యాదులో ఏముందో చూడకుండా ఊహించి జవాబు రాస్తే, లేని ఆరోపణకు కూడా సమాధానం చెప్పి కొత్త దారులు తెరిచినట్టు అవుతుంది. కాపీ రాకపోతే తెలిసినంతవరకు వివరణ ఇచ్చి, పత్రం అందాక అదనపు వివరణ ఇస్తానని రాసి గడువులోపు దాఖలు చేయడం సురక్షితం. జవాబును ఇన్‌వార్డులో ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోవాలి. నోటి మాటగా చెప్పినదానికి ఫైల్లో ఉనికి ఉండదు.

టెన్షన్‌లో కొందరు నేరుగా హైకోర్టుకు వెళ్లాలనుకుంటారు. సాధారణంగా ఈ దశలో అది ఫలించదు. షోకాజ్ నోటీసు వల్ల ఎవరి హక్కుకూ ఇంకా భంగం కలగలేదు, వివరణ చూశాక అధికారి చర్య విరమించవచ్చు కూడా, కనుక ఈ దశలో రిట్ తొందరపాటు అవుతుందని 2006లో ఆంధ్రప్రదేశ్‌ నుంచి వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నోటీసు ఇచ్చిన అధికారికి ఆ అధికారమే లేకపోవడం వంటి అరుదైన సందర్భాలు దీనికి మినహాయింపు. అందుకే ఈ దశలో వాదన చెప్పుకునే చోటు ఆ సంజాయిషీ కాగితమే.

ప్రభుత్వ ఉద్యోగిని ఎంక్వైరీ లేకుండా తొలగించకుండా కాపాడేది రాజ్యాంగం 311వ అధికరణం. ప్రైవేటు ఉద్యోగులకు, ప్రభుత్వ రంగ సంస్థల వారికి ఆ రక్షణ వర్తించదు. వారికి నియామక పత్రం, స్టాండింగ్ ఆర్డర్లు, సంస్థ సర్వీస్ నిబంధనలే ఆధారం. జవాబు రాసే పద్ధతి మారదు గానీ, నోటీసులో చెప్పిన దుష్ప్రవర్తన ఆ నిబంధనల్లో ఏ పేరుతో ఉందో ముందు వెతకాలి. ఆ పేరులో ఉద్దేశం ఒక భాగమైతే జవాబు బరువు దాని మీదే పెట్టాలి.

## జవాబు తర్వాత

సంజాయిషీ చూశాక అధికారి చర్య విరమించవచ్చు, హెచ్చరికతో వదలవచ్చు, లేదా శిక్ష వైపు వెళ్లవచ్చు. వీటిలో హెచ్చరికకూ అభిశంసనకూ తేడా ఉంది. అభిశంసన సీసీఏ రూల్స్‌లోని 9వ నియమం కింద అధికారిక శిక్ష, హెచ్చరిక ఆ జాబితాలో లేదు. ఉత్తర్వు అందగానే ఏ మాట వాడారో చూడాలి.

అంతకన్నా ముఖ్యమైనది ఇంక్రిమెంట్ కోత. ఒక ఏడాది ఇంక్రిమెంటును ఆపి, ఆ ప్రభావం తర్వాతి సంవత్సరాలకు పాకకుండా ఉంటే అది చిన్న శిక్ష, వివరణ తీసుకుని వేయవచ్చు. అదే "క్యుములేటివ్ ఎఫెక్ట్"తో ఆపితే జీతం శాశ్వతంగా ఒక మెట్టు కిందికి దిగినట్టే, కాబట్టి అది పెద్ద శిక్ష అవుతుందని పంజాబ్ ఉద్యోగి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అప్పుడు 20వ నియమం కింద పూర్తి ఎంక్వైరీ తప్పనిసరి. పై ఉదాహరణలోని జూనియర్ అసిస్టెంట్‌కు ఎంక్వైరీ లేకుండా ఆ రెండు పదాలతో ఉత్తర్వు వస్తే, అప్పీలులో మొదటి అంశం అదే. ఐదు రోజుల గైర్హాజరు ఎందుకు జరిగిందన్నది దాని తర్వాత.